మూలలు నల్లబరిచినంత మాత్రాన చూపు ముఖం మీదికి రాదు

ఫోటో ఎడిటింగ్ నేర్పే పాఠాలు చాలావరకు ఒకే మాటతో ముగుస్తాయి. "అంతా అయ్యాక విన్యెట్ మైనస్ ఇరవైకో ముప్పైకో లాగండి, చూపు సబ్జెక్ట్ మీద నిలబడుతుంది." విన్యెట్ అంటే ఫోటో నాలుగు మూలలనూ ముదురు చేసే స్లైడర్. ఈ మధ్య చదివిన ఒక పాఠంలోనూ ఇదే ఉంది. కింద కామెంట్లలో ఒకరు అడిగారు: "నేనూ పెట్టాను, మూలలు నల్లబడ్డాయి గానీ చూపు మాత్రం వెనకున్న తెల్ల గోడ మీదికే పోతోంది, ఎందుకు?" దానికి వచ్చిన జవాబు, "ఇంకొంచెం పెంచి చూడండి" అని.

ఆ జవాబు తప్పని నా గట్టి నమ్మకం. ఆ ప్రశ్న అడిగిన మనిషికి సమస్య సరిగ్గానే కనబడింది. చూపు వెలుగు ఉన్న చోటికి వెళ్తుంది, తేడా ఎక్కువగా ఉన్న చోట ఆగుతుంది. నాలుగు మూలలూ నల్లబరిచినంత మాత్రాన ఫ్రేము మధ్యలో ఉన్న తెల్ల గోడ చిన్నబోదు. చుట్టూ నలుపు పెరిగేసరికి అది ఇంకా తెల్లగా కనబడుతుంది. ముఖంతో పోటీ పడుతున్నదాన్ని ముందు వెతికి పట్టుకోవాలి. దాన్ని ఒక్కదాన్నే తగ్గించాలి. ముఖాన్ని ఎత్తడం ఆ తర్వాత. విన్యెట్ సంగతి అన్నిటికన్నా చివర, అదీ అవసరమైతేనే. ఈ వరుస ఎందుకో ఒక ఫోటోను పట్టుకుని చివరిదాకా చూద్దాం.

## ఒక గది, ఒక కుట్టుమిషన్

చిన్న గదిలో ఒక పెద్దాయన కుట్టుమిషన్ ముందు కూర్చుని బట్ట కుడుతున్నాడు. ఎడమ పక్క, ఫ్రేముకి బయట, కిటికీ ఉంది. వెలుగు అక్కడినుంచి వచ్చి ఆయన ఎడమ చెంప మీద, చొక్కా చేతి మీద, బట్టను తోస్తున్న వేళ్ల మీద పడుతోంది. ముఖం ఫ్రేములో ఎడమ మూడో వంతులో, కాస్త పైకి ఉంది. చేతులు అడుగున, దాదాపు మధ్యలో ఉన్నాయి. చెప్పాల్సిన కథంతా ఈ రెంటి మధ్యే ఉంది: సూది మీద నిలిచిన ఆయన చూపు, సూది కింద కదులుతున్న ఆయన వేళ్లు.

మిగతావి పోటీదారులు. ఆయన తల వెనక, కొంచెం కుడి పక్కగా, గోడకు తెల్ల కేలండర్ ఉంది. పెద్ద పెద్ద నల్ల అంకెలు. కుడి పై మూలలో ట్యూబ్‌లైటు వెలుగుతోంది. కుడి అంచున అలమరలో ఎర్ర బట్టల కట్ట ఉంది. ఎడమ కింది మూలలో నేల మీద తెల్ల గుడ్డముక్క పడి ఉంది.

ఫోటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో మౌసును ఫోటో మీద కదిపితే హిస్టోగ్రామ్ గ్రాఫ్ కింద ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు శాతాల్లో కనబడతాయి: 0 అంటే నలుపు, 100 అంటే తెలుపు. అవి చూసుకోవడం అలవాటు చేసుకుంటే సగం వాదన అక్కడే తెగిపోతుంది. ఈ ఫోటోలో చెంప సుమారు 62, వేళ్లు 55, కేలండర్ కాగితం 88, గుడ్డముక్క 94, ట్యూబ్‌లైటు 100 ఉన్నాయనుకుందాం. అంటే చూపు పోవాల్సిన రెండు చోట్లూ వరుసలో ఆఖరున ఉన్నాయి.

ఇప్పుడు విన్యెట్ మైనస్ 30 పెడితే ఏమవుతుంది? విన్యెట్ లెక్క ఫ్రేము మధ్య నుంచి మొదలవుతుంది. సబ్జెక్ట్ ఎక్కడుందో దానికి తెలియదు. ముఖం మధ్యలో లేదు, ఎడమ పక్కకు ఉంది. కాబట్టి ముఖమే కొంచెం తగ్గి 62 నుంచి 56కో 57కో వస్తుంది. కేలండర్ మధ్యకు దగ్గరగా ఉంది కనుక దాని 88 దాదాపు అలాగే ఉంటుంది. ముందు 26 ఉన్న తేడా 30 దాటింది. మూలలో ఉన్న గుడ్డముక్క 94 నుంచి 75కి దిగినా ఇంకా ముఖం కంటే తెల్లగానే ఉంది. చూపును ముఖం మీదికి తేవడానికి పెట్టిన విన్యెట్ చివరికి ముఖాన్నే వెనక్కి నెట్టింది. కామెంట్లో అడిగిన మనిషికి జరిగింది ఇదే. "ఇంకొంచెం పెంచండి" అంటే ఈ తేడా ఇంకొంచెం పెరుగుతుంది.

దీనికి సాయం కన్ను చేసే పని ఒకటి ఉంది. ఒకే బూడిద రంగు ముక్క నల్లటి చుట్టు మధ్య పెడితే లేతగా, తెల్లటి చుట్టు మధ్య పెడితే ముదురుగా అనిపిస్తుంది. అంకె మారదు, అనిపించడం మారుతుంది. మనం వెలుగును విడిగా కొలవం, పక్కదానితో పోల్చి చూస్తాం. అందుకే ముఖం వెనకున్న గోడను కొంచెం దించితే ముఖాన్ని ముట్టుకోకుండానే అది ముందుకొస్తుంది. ముదురు చేసే బర్న్ ముందు, వెలుగు పెంచే డాడ్జ్ తర్వాత అని నేను పట్టుబట్టేది ఇందుకే. ముందు ముఖాన్ని ఎత్తడం మొదలుపెడితే, వెనక కేలండర్ 88లో ఉన్నంతసేపూ ఎంత ఎత్తినా చాలదనిపిస్తుంది. చివరికి చెంప మీద చర్మపు గుణం పోయి పిండి పూసినట్టు తేలుతుంది.

## మొదటి చూపు ఎక్కడ పడింది

ఎడిటింగ్ మొదలుపెట్టే ముందే చేయాల్సిన పరీక్ష ఇది. మొదలుపెట్టాక మన కన్ను ఫోటోకి అలవాటుపడిపోతుంది, ఇక పనికిరాదు. ఫోటోను రెండు వేళ్ల వెడల్పుకి చిన్నది చేయండి. కళ్లు మూసి తెరవండి. మొదట ఏది కనబడింది, తర్వాత ఏది, ఆ తర్వాత ఏది, ఈ మూడూ కాగితం మీద రాసుకోండి. చిన్న సైజులో ముఖ కవళికలు, అక్షరాలు పోయి వెలుగు ముద్దలు మాత్రమే మిగులుతాయి, కాబట్టి ఈ పరీక్ష నిజం చెబుతుంది. కళ్లు చికిలించి చూసినా దాదాపు అదే పని జరుగుతుంది.

రంగు లాగుతోందా వెలుగు లాగుతోందా తేల్చుకోవడానికి ఒకసారి నలుపు-తెలుపులోకి మార్చి చూడాలి. మన ఫోటోలో ఎర్ర బట్టల కట్ట రంగులో ఉన్నప్పుడు గట్టిగా లాగుతుంది, నలుపు-తెలుపులో గోడలో కలిసిపోతుంది. అంటే దాన్ని నల్లబరిచి లాభం లేదు. అది ఇప్పటికే ముదురుగా ఉంది. తగ్గించాల్సింది దాని రంగు గాఢత. చాలామంది ఇక్కడే పొరబడి ఎక్స్‌పోజర్ లాగుతారు. ఆర్జీబీ కర్వ్‌తో దించినప్పుడైతే ఎరుపు ఇంకా చిక్కబడి నెత్తురు రంగుకు తిరుగుతుంది, ముందుకన్నా ఎక్కువ కళ్లలో పడుతుంది.

ఈ పరీక్షలో మన ఫోటోకి వచ్చే జవాబు: మొదట ట్యూబ్‌లైటు, తర్వాత కేలండర్, ఆ తర్వాత ఎర్ర కట్ట. ముఖానికి మొదటి మూడింటిలో చోటే లేదు. ఇక ఒక్కొక్కదాని పని పట్టాలి.

## పోటీదారులను ఒక్కొక్కరిగా దించడం

గుడ్డముక్కతో మొదలుపెడదాం, అన్నిటికన్నా తేలిక అదే. కింద నాలుగు శాతం క్రాప్ చేస్తే అది పోతుంది. కాళ్లూ పెడలూ తెగకుండా ఉన్నంతవరకు క్రాప్‌కి మించిన బర్న్ లేదు. మార్పు పడాల్సిన చోటును విడదీసే మాస్క్ లేదు, దాని అంచు లేదు, తర్వాత బయటపడే తప్పు లేదు. నల్లబరచడం గురించి రాసే చోట క్రాప్ మాట రాకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

కేలండర్ దగ్గర ఆగాలి. దాని మీద బ్రష్‌తో మాస్క్ వేసి ఎక్స్‌పోజర్ ఒక్కటే మైనస్ 1.5కి లాగితే కాగితం ముఖం కన్నా కిందికి దిగుతుంది, అది నిజమే. కానీ ముదురు బూడిద కాగితం మీద నల్ల అంకెలు ఇంకా పదునుగానే ఉంటాయి. కన్ను వెలుగుతో పాటు పదునునూ, అక్షరాలనూ వెతుక్కుంటుంది. చదవగలిగింది కనబడితే చదవకుండా వదలదు. పైగా చుట్టూ గోడ సహజంగా ఉండి కాగితం ఒక్కటే మురికిపట్టినట్టు కనబడితే, చూసేవాడికి "ఇక్కడేదో చేశారు" అని తెలిసిపోతుంది. దించిన వస్తువు దించినట్టు తెలిసిందంటే దాన్ని మరింత చూపించినట్టే.

అందుకే వెలుగుతో పాటు అందులోని తేడాను కూడా తగ్గించాలి. ఈ ఫోటోకి నేను మొదలుపెట్టే అంకెలు ఇవి: ఎక్స్‌పోజర్ మైనస్ 0.7, హైలైట్స్ మైనస్ 40, వైట్స్ మైనస్ 20. బ్లాక్స్ మాత్రం ప్లస్ 15, అంటే నల్ల అంకెలు కొంచెం పైకి వస్తాయి. క్లారిటీ మైనస్ 25, శాచురేషన్ మైనస్ 15. పైనుంచి తెలుపు దిగుతుంది, కిందినుంచి నలుపు లేస్తుంది, మధ్యలో అంచు మెత్తబడుతుంది. కాగితం 55 దగ్గరికి, అంటే చెంప కన్నా కాస్త కిందికి, వస్తే చాలు. 40కి తేవక్కర్లేదు. కేలండర్ ఆ గదిలో ఉంది, ఉండాలి. అది మాట్లాడటం మానితే సరిపోతుంది.

ట్యూబ్‌లైటు పూర్తిగా వేరే కేసు. అది 100లో ఉంది, అక్కడ సెన్సర్ కూడా నిండిపోయింది, తిరిగి రాబట్టడానికి లోపల ఏమీ లేదు. దాన్ని నల్లబరిస్తే తెల్ల ట్యూబ్ కాస్తా చదునైన బూడిద కర్రలా మారుతుంది. వెలుగుతున్న దీపం బూడిద రంగులో ఉండటం ఎవరి కంటికైనా తప్పుగానే తోస్తుంది. ఎందుకో చెప్పలేకపోయినా తప్పని తెలుస్తుంది. కాబట్టి ట్యూబ్‌ను ముట్టుకోను, దాని చుట్టూ గోడ మీద పరుచుకున్న కాంతిని పట్టుకుంటాను. ఆ మూలలో పెద్ద రేడియల్ గ్రేడియంట్ వేసి, అంచు మెత్తదనం తేల్చే ఫెదర్ 100 పెట్టి, ఎక్స్‌పోజర్ మైనస్ 0.6కి తెచ్చి, లూమినెన్స్ రేంజ్‌తో 95 దాటిన భాగాన్ని తప్పించాలి. దీపం దీపంలాగే ఉంటుంది, దాని వెలుగు మాత్రం గది మొత్తాన్ని ఆక్రమించదు. అది నిజంగా మూలకే ఉండి, క్రాప్ చేయడానికి వీలుంటే క్రాప్ చేసేయడమే మేలు. ఈ ఫోటోలో పైన కోస్తే ఆయన తల మీద గాలి ఆడదు.

ఎర్ర కట్టకు శాచురేషన్ మైనస్ 25, అంతే.

## తల చుట్టూ తెల్ల గీత

ఇప్పుడు మొత్తం నేపథ్యాన్ని కొద్దిగా దించాలి. సబ్జెక్ట్‌ను దానంతటదే గుర్తించే మాస్క్‌లు వచ్చాక ఈ పని ఒక్క క్లిక్ అయింది: Select Background నొక్కు, ఎక్స్‌పోజర్ మైనస్ 1, అయిపోయింది. ఇప్పుడు కనబడుతున్న చెడ్డ పోర్ట్రెయిట్‌లలో ఎక్కువ పాపం ఈ ఒక్క క్లిక్‌దే అంటాను.

దీనివల్ల రెండు తప్పులు జరుగుతాయి. మొదటిది, జుట్టు చుట్టూ తెల్లటి గీత. మాస్క్ అంచు వెంట్రుక వెంట్రుకనీ పట్టుకోలేదు, తల బయట సన్నని గోడ పట్టీని సబ్జెక్ట్‌లో కలిపేసుకుంటుంది. మిగతా గోడ దిగింది, ఆ పట్టీ దిగలేదు. మైనస్ 0.3 దగ్గర అది కనబడదు, మైనస్ 1 దగ్గర తల చుట్టూ వెలుగు వలయంలా మెరుస్తుంది. ఫోటోను వంద శాతానికి పెంచి చెవి, భుజం, జుట్టు అంచులు చూడాలి. నెరిసిన జుట్టయితే మరీ జాగ్రత్త, ఎందుకంటే ఆ గీత జుట్టులో కలిసిపోయి పొరపాటున బాగున్నట్టే అనిపిస్తుంది.

రెండోది, వలయం లేకపోయినా మనిషి గదిలోంచి విడిపోతాడు. ఆయన కూర్చున్న కుర్చీ కాళ్లు నల్లబడ్డాయి, ఆయన కాళ్లు మామూలుగా ఉన్నాయి. ఆయన నీడ పడిన నేల ఎప్పటికన్నా ముదురు. కత్తెరతో కోసి అతికించిన బొమ్మలా ఉంటుంది.

దీనికి మందు, నేపథ్యాన్ని సమంగా దించకపోవడమే. మన ఫోటోలో వెలుగు ఎడమనుంచి వస్తోంది. ఆయన ఎడమ చెంప వెలుగులో ఉంది, కుడి చెంప నీడలో ఉంది. వెలుగున్న చెంప వెనక గోడ ముదురుగా ఉంటే ఆ చెంప రేఖ తేలుతుంది. నీడలో ఉన్న చెంప వెనక గోడ కాస్త లేతగా ఉంటేనే ఆ పక్క తల ఆకారం తెలుస్తుంది. రెండు పక్కలా ఒకేలా నల్లబరిస్తే నీడ చెంప గోడలో మునిగిపోయి ముఖం సగమే మిగులుతుంది. పోర్ట్రెయిట్ చిత్రకారులకు ఇది ఎప్పటినుంచో తెలిసిన పద్ధతి.

కాబట్టి ఎడమ పక్క తల వెనక గోడ మీద మెత్తటి పెద్ద బ్రష్, ఒక్క రాతకు పడే బలం, అంటే ఫ్లో, 20 లేక 25, ఎక్స్‌పోజర్ మైనస్ 0.4. రెండు మూడు సార్లు తిప్పాలి, తల దగ్గరికి వచ్చేసరికి బలం తగ్గిపోవాలి. కొంచెం జుట్టు మీదికి పాకినా ఫర్వాలేదు. జుట్టు అంచు ఒక పిసరు ముదురైతే ఎవరికీ కనబడదు, తెల్ల గీత మిగిలితే అందరికీ కనబడుతుంది. కుడి పక్క మాత్రం ఫ్రేము అంచునుంచి లీనియర్ గ్రేడియంట్ ఒకటి మైనస్ 0.4తో లోపలికి లాగి, అది తలకు చేరే ముందే కరిగిపోయేలా వదలాలి. నీడ చెంప వెనక గోడ అలా ఊపిరి పీల్చుకుంటుంది.

## ఇక డాడ్జ్

డార్క్‌రూమ్ రోజుల్లో ఎన్‌లార్జర్ కింద కాగితం మీద వెలుగు పడుతున్నప్పుడు తీగకు అతికించిన చిన్న అట్టముక్కను అడ్డం పెడితే ఆ చోటుకు తక్కువ వెలుగు అందేది, ప్రింట్‌లో అది లేతగా వచ్చేది. అది డాడ్జ్. మధ్యలో రంధ్రం ఉన్న అట్ట పెట్టి ఒకే చోటికి ఎక్కువసేపు వెలుగు ఇస్తే అక్కడ ముదిరేది. అది బర్న్. ఆ అట్టను ఒక్క క్షణం కూడా కదలకుండా పట్టుకోకూడదు. ఆగితే దాని ఆకారం ప్రింట్ మీద అచ్చుపడిపోతుంది. ఇప్పటి మెత్తటి బ్రష్, తక్కువ ఫ్లో అన్నవి ఆ చేతి కదలికకు బదులుగా వచ్చినవే. బ్రష్ ఫ్లో 100 పెట్టి ఒక్కసారి రాయడమంటే అట్టను కదలకుండా పట్టుకున్నట్టే.

ఫోటోషాప్‌లో నాకు నచ్చే పద్ధతి పాతదే. కొత్త లేయర్ తెరిచేటప్పుడు మోడ్ Soft Light ఎంచుకుని, 50 శాతం గ్రే నింపమని టిక్ పెట్టాలి. ఆ గ్రే ఫోటో మీద ఏ ప్రభావమూ చూపదు. దాని మీద తెల్ల బ్రష్ రాస్తే కింద లేత, నల్ల బ్రష్ రాస్తే ముదురు. X నొక్కితే రెండు రంగులూ తారుమారవుతాయి. ఫ్లో 3 నుంచి 5 శాతం. ఒక్క రాతకు ఏమీ మారినట్టు కనబడకూడదు, పదో రాతకు తెలియాలి. తప్పు జరిగితే 50 శాతం గ్రేతో మళ్లీ రాస్తే చాలు, పోతుంది.

మన ఫోటోలో ఎక్కడ రాయాలి? వెలుగు ఇప్పటికే పడుతున్న చోట మాత్రమే. ఎడమ చెంప ఎముక, కనుబొమ్మ కింది గట్టు, ముక్కు ఎడమ పక్క, ఆ తర్వాత చొక్కా చేతి మీద వెలుగు మడతలు, చివరికి వేళ్లు, సూది పక్కన మెరిసే ఇనుప పలక. ఈ వరుస ముఖ్యం. ముఖం నుంచి చేయి మీదుగా సూదికి చూపు దిగడానికి మెట్లు పరుస్తున్నామన్నమాట. చెంప 62 నుంచి 67కి, వేళ్లు 55 నుంచి 63కి వస్తే చాలు. లైట్‌రూమ్‌లోనే చేసేట్టయితే ముఖానికి ప్లస్ 0.2, చేతులకు ప్లస్ 0.35 దగ్గర మొదలుపెట్టవచ్చు.

నీడ చెంపను మాత్రం ఎత్తకూడదు. ఆ కోరిక బలంగా కలుగుతుంది, "ముఖం కనబడాలి కదా" అని. ఎత్తితే కిటికీ వెలుగు దిక్కు చెరిగిపోయి, వెలుగు ఎక్కడినుంచి వస్తోందో తెలియని ముఖం అవుతుంది. కళ్ల తెల్లగుడ్లు కూడా అంతే. అవి నీడలో ఉన్నప్పుడు బూడిద రంగులోనే ఉంటాయి. వాటిని తెల్లగా చేస్తే ఆయన చూపు సూదిమీద నుంచి లేచి మన మీద పడుతుంది.

చర్మం మీద బర్న్ చేసేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. నార్మల్ మోడ్‌లో కర్వ్స్ లేయర్‌తో ముదురు చేస్తే రంగు గాఢత పెరిగి చర్మం ఇటుక రంగుకు తిరుగుతుంది. ఆ లేయర్ మోడ్‌ను Luminosityకి మారిస్తే వెలుగు మాత్రమే కదులుతుంది. ఒక్కోసారి అప్పుడు చర్మం కొంచెం పాలిపోయినట్టు ఉంటుంది. రెండింటికీ మధ్యలో, నార్మల్‌లోనే ఉంచి శాచురేషన్ ఐదో పదో తగ్గిస్తే చాలా ముఖాలకు కుదురుతుంది.

## విన్యెట్ పక్షాన రెండు మాటలు

ఇంత చెప్పాక విన్యెట్‌ను పూర్తిగా కొట్టేస్తే అన్యాయం. దాని తరఫున రెండు గట్టి వాదనలు ఉన్నాయి.

ఒకటి, డార్క్‌రూమ్‌లో ప్రింట్ అంచులను కాస్త బర్న్ చేయడం ఎప్పటినుంచో ఉంది. తెల్ల కాగితపు అంచు పక్కనే ఫోటోలోని లేత భాగం ఉంటే చూపు జారి బయటికి పోతుంది. అంచు ఒక పిసరు ముదిరితే గట్టు కట్టినట్టు ఆగుతుంది. తెల్ల పేజీ మీద కనబడే ఫోటోకీ ఇది వర్తిస్తుంది. నల్ల తెర మీద చూసే ఫోటోకి మాత్రం ఎదురు తిరుగుతుంది. ముదిరిన మూలలు ఆ నలుపులో కలిసిపోయి ఫ్రేము ఎక్కడ ఆగిందో తెలియదు. ఫోటో చివరికి ఎక్కడ కనబడబోతోందో తెలియకుండా విన్యెట్ అంకె చెప్పడం కుదరని పని.

రెండు, సబ్జెక్ట్ నడిమధ్యలో ఉండి, వెనక సాదా గోడో ఆకాశమో ఉంటే విన్యెట్ నిజంగా పనిచేస్తుంది. అక్కడ పోటీదారు అంటూ ఎవరూ లేరు, గీత గీసినట్టు తేడా కనబడదు. కానీ అదే సాదా ఆకాశం మీద మెట్లు మెట్లుగా చారలు పడే ప్రమాదం ఉంది. 8 బిట్ ఫైల్‌లో మెత్తటి రంగును ఇంకా సాగదీస్తే మధ్య ఛాయలు చాలక చారలు బయటపడతాయి. 16 బిట్‌లో పనిచేసి, చివర్లో గ్రెయిన్ 10 నుంచి 15 వేస్తే అవి చెదిరిపోతాయి.

పెట్టేట్టయితే Highlight Priority శైలి పెట్టండి. Paint Overlay ఫోటో మీద ఉత్త నలుపు కలుపుతుంది, మూలల్లో ఉన్న వెలుగు చుక్కలు కూడా మసిబారి చదునవుతాయి. Highlight Priorityలో కింద ఉండే Highlights స్లైడర్ పెంచితే ఆ చుక్కలు బతికుంటాయి. ముదిరిన చోట రంగు కొంచెం మారితే Color Priorityకి తిప్పి చూడాలి. మన కుట్టుమిషన్ ఫోటోకి ఇంత చేశాక మైనస్ 8 దాటి అవసరం రాదు. ముఖం పక్కన ఉంది కనుక ఆ మైనస్ 8 కన్నా, ముఖాన్నీ చేతులనూ కలిపి చుట్టే వాలు రేడియల్ గ్రేడియంట్ ఒకటి వేసి, దాన్ని తిరగేసి, బయట మైనస్ 0.25 ఇవ్వడమే నాకు సబబుగా తోస్తుంది.

## ఇది మోసం కాదా

ఈ ప్రశ్న తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఒకప్పటి డార్క్‌రూమ్‌లో అందరూ చేశారు కాబట్టి తప్పు లేదు అనడం సగం జవాబే. ఆన్సెల్ ఆడమ్స్ 1941లో తీసిన "మూన్‌రైజ్, హెర్నాండెజ్" ఫోటోను దశాబ్దాల పాటు మళ్లీ మళ్లీ ప్రింట్ చేశాడు. తొలి ప్రింట్లలో ఆకాశంలో మబ్బు తునకలు కనబడతాయి, తర్వాతి ప్రింట్లలో ఆకాశం బర్న్ అయి దాదాపు నల్లగా మారింది. అది ఆయన కళ, ఎవరికీ దానివల్ల నష్టం లేదు.

1994 జూన్‌లో మాత్రం వేరేది జరిగింది. అమెరికాలో నల్లజాతి ఫుట్‌బాల్ తార ఓ.జె. సింప్సన్ హత్య కేసులో అరెస్టయినప్పుడు పోలీసులు తీసిన ఒకే ఫోటోను టైమ్, న్యూస్‌వీక్ రెండూ ముఖచిత్రంగా వేశాయి. న్యూస్‌వీక్ ఉన్నదున్నట్టు వేసింది. టైమ్ దాన్ని ముదురు చేసి, అంచులు చీకటిలో ముంచి వేసింది. రెండు పత్రికలూ దుకాణంలో పక్కపక్కన కనబడేసరికి, చర్మం నల్లబరచి మనిషిని భయంకరంగా చూపించారని పెద్ద గొడవైంది. అక్కడ వాడింది కూడా మనం పైన చెప్పుకున్న పనిముట్లలాంటివే. వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీ నియమాలు కూడా, నేపథ్యంలోని వస్తువులో మనుషులో కనబడకుండా పోయేంతగా వెలుగూ రంగూ మార్చడాన్ని ఒప్పుకోవు.

నాకు తోచిన గీత ఇది. కేలండర్‌ను 55కి దించితే అది గదిలోనే ఉంటుంది, చూడాలనుకున్నవాడు చూడగలడు. గోడను నలుపులో ముంచి కేలండర్ లేకుండా చేస్తే ఆ గది వేరే గది అయింది. వార్త కోసం తీసిన ఫోటోలో రెండోది చేయకూడదు, మొదటిది కూడా ఆచితూచి చేయాలి. చర్మం రంగు విషయంలో అయితే వార్తా, కళా అన్న తేడా కూడా నేను ఒప్పుకోను. నేపథ్యాన్ని దించే మాస్క్ ముఖం మీదికి పాకి మనిషి అసలు ఛాయను మారిస్తే అది సాంకేతిక పొరపాటు మాత్రమే కాదు.

## ఎప్పుడు ఆపాలి

చేసిన మాస్క్‌లన్నీ ఒకేసారి ఆపి, మళ్లీ పెట్టి చూడాలి. తేడా చూసి "అబ్బో" అనిపించిందంటే ఎక్కువైందని లెక్క. లైట్‌రూమ్‌లో ప్రతి మాస్క్‌కీ Amount స్లైడర్ ఉంది, అది 100 దగ్గర ఉంటుంది. దాన్ని 65కో 70కో తెస్తే అందులోని అంకెలన్నీ అదే నిష్పత్తిలో తగ్గుతాయి. కేలండర్‌కీ, ఎడమ గోడకీ ఇలా తగ్గించి చూస్తే చాలాసార్లు ఆ తగ్గినదే బాగుంటుంది. ఎందుకంటే రాసేటప్పుడు పెద్ద సైజులో చూస్తూ రాశాం, చిన్న మార్పు అక్కడ తెలియక కాస్త ఎక్కువ లాగేశాం.

తర్వాత ఫోటోను అద్దంలోలా ఎడమ కుడిలు తిప్పండి. అలవాటుపడిన కంటికి అది కొత్త ఫోటో. తల చుట్టూ మిగిలిన వలయం, గోడ మీద కారణం లేని నల్ల మచ్చ, మూలమున్న దిక్కు తెలియని వెలుగు, ఇవన్నీ తిప్పగానే బయటపడతాయి. మచ్చ కనబడితే దాన్ని కప్పడానికి ఇంకో మాస్క్ వేయకండి, అది వచ్చిన మాస్క్‌కే వెళ్లి చెరపండి.

చివరగా మళ్లీ రెండు వేళ్ల వెడల్పు, కళ్లు మూసి తెరవడం, మూడు చోట్లు రాసుకోవడం. మొదటి కాగితం పక్కన పెట్టి పోల్చండి. ఈ ఫోటోలో ఇప్పుడు రావాల్సిన వరుస చెంప, వేళ్లు, ఆ తర్వాత ట్యూబ్‌లైటు. ట్యూబ్‌లైటు మూడో స్థానంలో ఉంటే ఉండనివ్వండి. అది ఇంకా రెండో స్థానంలోనే ఉంటే చేతులకు మరో 0.1 ఇవ్వండి, దీపం జోలికి మాత్రం వెళ్లకండి.